పాలు బంద్

నా గొంతు ఎలాంటిదో మెదక్ డిపోలో ఎవరినైనా అడగండి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను "రైట్ రైట్" అన్నాక కదలని బస్సు లేదు. కౌడిపల్లిలో దిగాల్సినవాడు ఎంత మొద్దునిద్రలో ఉన్నా, నా కేక విన్నాక నర్సాపూర్ దాకా పోయిన పాపాన పోలేదు. ఒకరు చెప్పింది ఇంకొకరికి పొల్లుపోకుండా చేర్చడంలో నన్ను మించినవాడు లేడని విర్రవీగేవాణ్ణి. ఆ పొగరు ఎలా దిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, ఎందుకంటే ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

అది సకల జనుల సమ్మె జరుగుతున్న ఏడు. బడులు బంద్, ఆఫీసులు బంద్, మా బస్సులు బంద్. పొద్దున డిపో గేటు ముందు టెంటు కింద కూర్చుని నినాదాలు ఇచ్చేవాళ్ళం, పన్నెండు కొట్టేసరికి ఇంటికి వచ్చేవాణ్ణి. పెళ్ళయిన నాటినుంచి పట్టపగలు ఇంట్లో ఉన్నది అప్పుడే. మా ఆవిడ పద్మమ్మకు అది కొత్త తలనొప్పి. నాకేమో పద్నాలుగు నెలల మనవడు అఖిల్‌ని వెలుతురులో చూసే భాగ్యం. అంతకుముందు వాడు నిద్రలేవకముందే డ్యూటీకి పోయి, నిద్రపోయాక వచ్చేవాణ్ణి.

అలా చూసిన మూడోరోజే దండెం వైపు నా కళ్ళు పోయాయి. దండెం మీద వాడి గుడ్డలు తొమ్మిది ఆరుతున్నాయి. పొద్దుటినుంచి మార్చినవే అన్నీ. వాణ్ణి ఎత్తుకుంటే పిర్రలు లేవు, చర్మం ముడతలు పడి వదులు చొక్కాలా వేలాడుతోంది.

"ఎన్ని దినాల సంది అయితున్నయే వీనికి మోషన్లు?" అని అరిచాను.

"గట్ల ఒర్రకు. రెండు వారాలు దాటింది. మొదాలు జరం, కక్కుడు ఉండె, గవి తగ్గినయ్. ఇప్పుడు పండ్లొస్తున్నయ్, పండ్లొచ్చేటప్పుడు గిట్లనే పారుకుంటరు," అంది పద్మమ్మ.

"మరి ఏం పెడుతున్నవ్?"

"కడుపుకు నెమ్మది ఉండాల్నని గంజితేట. సీసల బర్రెపాలు, నీళ్ళు కలిపి. ఇంకేం పెడ్తం?"

గూట్లో ఒక గోలీల పట్టీ కనిపించింది. మొదటి వారంలో ఆశ కార్యకర్త ఇచ్చిన జింకు గోలీలట. పద్నాలుగు ఇచ్చిందట, మూడే వాడారు. నడుమ ఒకరోజు మోషన్లు కాస్త తగ్గాయని మా ఆవిడ ఆపేసిందట. నాకు కోపం నషాళానికి అంటింది. మా కోడలు సువర్ణ వంటింటి గుమ్మం చాటున నిలబడి కొంగు కొస నలుపుతోంది. దాని మొగుడు, అంటే మా కొడుకు స్వామి, తూప్రాన్ దగ్గర ఫ్యాక్టరీలో చిక్కుకుపోయాడు. మా సమ్మె పుణ్యమా అని వాడికి వచ్చే బస్సు లేదు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, అత్త మాటకు ఎదురు చెప్పదు, మామ ముందు అసలు నోరే విప్పదు.

మర్నాడు పొద్దున్నే సువర్ణనూ, పిల్లవాణ్ణీ తీసుకుని సర్కారు దవాఖానకు నడిచాను. చిన్నపిల్లల డాక్టరు దేవిక మేడం. ఆమె వాడి పొట్ట మీద చర్మం గిల్లి వదిలింది, కళ్ళు చూసింది, చెంచాతో ఉప్పుచక్కెర పొడి కలిపిన నీళ్ళు పట్టించి ఎలా తాగుతున్నాడో చూసింది. రక్తం పడుతోందా అని అడిగింది. లేదన్నాం. తూకం వేస్తే ఏడు కిలోల ఎనిమిది వందలు. అంగన్‌వాడీ కార్డులో పోయిన నెల ఎనిమిది కిలోల ఏడు వందలు ఉంది.

మేడం వాడికి విటమిన్ ఏ మందు అక్కడే నోట్లో పోసి, చిట్టీ రాసింది. మందుల కిటికీ దగ్గర ఆడవాళ్ళ లైను చిన్నగా ఉంటుందని నాకు తెలుసు. తెలివి నాకు ఉన్నంత ఎవరికుంది! "బిడ్డా, నువ్వు పోయి లైన్ల నిలబడు, మేడం చెప్పేది నేనింట," అని చిట్టీ సువర్ణ చేతిలో పెట్టి పంపేశాను.

"తల్లి ఉంటే బాగుండె," అంది మేడం.

"నాకు చెప్పుండ్రి మేడం. నేను కండక్టర్ని. ఒక్క ముక్క పోకుండ చేరవేస్త."

ఆమె నవ్వి చెప్పడం మొదలుపెట్టింది.

"వానలు పడితే మీ కౌడిపల్లి రోడ్డు ఎట్ల అయితది? తారు లేచి పోతది గదా. వాన ఆగినంక కూడ గుంతలు ఉంటయ్ గదా. వీని పేగు గట్లనే అయింది. మొదట వచ్చిన క్రిమి పోయింది గాని పేగు లోపలి పొర అరిగిపోయింది. పాలల్ల ఉండే చక్కెరను అరిగించేది ఆ పొర మీదనే పుడతది. పొర లేదు కాబట్టి సీసపాలు అరుగక నీళ్ళై పోతున్నయ్. రెండు వారాలు దాటి మోషన్లు ఆగకపోతే మేం చూసేది గిదే."

"మరి పొర మళ్ళ వస్తదా మేడం?"

"తిండి పెడితేనే వస్తది. గంజితేట మీద పొర పెరగదు. మెత్తటి కిచిడీల చెంచ నూనె వేసి పెట్టాలె. పెరుగన్నం పెట్టాలె, పెరుగుల ఆ చక్కెర సగం తగ్గి ఉంటది. కొంచెం కొంచెం, దినాం ఆరు సార్లు. జింకు దినానికొక గోలీ, చెంచ నీళ్ళల్ల కరగబెట్టి, పద్నాలుగు దినాలు. మోషన్లు ఆగినా ఆపొద్దు. ఆ పొర పెరగడానికి అదే సామాను. సీసపాలు బంద్. సీస అసలే బంద్. తల్లిపాలు మాత్రం అడిగినప్పుడల్లా, రాత్రి పగలు ఎన్నిసార్లంటే అన్నిసార్లు తాపాలె. మోషనైనప్పుడల్లా ఉప్పుచక్కెర నీళ్ళు. ఐదు దినాలకు మళ్ళ తీసుకురండ్రి. కళ్ళు లోపలికి పోయినా, తాగకున్నా, రక్తం పడ్డా అంతదాక ఆగొద్దు."

తల్లిపాల మాట వచ్చినప్పుడు నేను తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాను. మా ఇళ్ళలో ఆ మాట మామ నోట రాదు. కోడలు బిడ్డకు పాలిస్తుంటే మామ దగ్గి, గుమ్మం బయటే ఆగిపోతాడు. అది మర్యాద. నేను ముప్ఫై సార్లు తలాడించి, బయటికి వచ్చాను.

ఇంటికి చేరేసరికి వాకిట్లో మా ఆవిడ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు కాచుకుని ఉన్నారు. రోజూ టెంటు కింద నినాదాలిస్తున్న గొంతు నాది, దానికి అలవాటైన దారిలోనే పోయింది. చెయ్యి పైకెత్తి చెప్పాను.

"ఇనుండ్రి! గంజితేట బంద్! సీస బంద్! పాలు బంద్! కిచిడీ, పెరుగన్నం, ఆరు సార్లు! గోలీ పద్నాలుగు దినాలు! ఐదు దినాల్ల వాపస్!"

మిగిలిన ఆ ఒక్క మాట గొంతులోనే ఉండిపోయింది. ఇంతమంది ఆడవాళ్ళ ముందు, కోడలు ముందు ఏమని అంటాను? తల్లిపాల సంగతి తల్లికి తెలియదా, నేను చెప్పాలా అనుకున్నాను. లోపలికి పోయి మంచినీళ్ళు తాగాను. గొప్ప డ్యూటీ చేసిన తృప్తితో.

ఆ ఐదురోజులూ నేను టెంటుకు కూడా సరిగ్గా పోలేదు. డ్రైవర్ దావీదు "ఏందన్నా, సమ్మెల సమ్మె చేస్తున్నవా?" అని ఎగతాళి చేశాడు. పొద్దున ఎనిమిదింటికి గోలీ నా చేత్తోనే. చెంచాలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, గోలీ కరిగేదాకా చూసి, "అఖిల్ సాబ్, టికెట్ టికెట్" అంటే వాడు నోరు తెరిచేవాడు. పెరుగు దగ్గర పద్మమ్మతో పెద్ద యుద్ధమే అయింది. వానాకాలంలో పెరుగు పెడితే పిల్లవాడికి దగ్గొస్తుందని ఆమె, మేడం కంటే నీకెక్కువ తెలుసా అని నేను. చివరికి కిచిడీలో నూనె చెంచా నేనే వేశాను, పెరుగన్నం నేనే పిసికాను.

వాడు తినేవాడు గానీ, రెండు ముద్దలు తిని ఏడ్చేవాడు. తల అటూ ఇటూ తిప్పుతూ దేనికోసమో వెతికేవాడు. మా ఆవిడ వాణ్ణి తన పక్కలో పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టింది. సువర్ణ ముఖం వాచి ఉండేది. మొగుడి మీద బెంగ కాబోలు అనుకున్నాను. ఒకరోజు ఆమె రోట్లో వేపాకు నూరుతుంటే, పిల్లవాడి పిర్రలు ఒరుసుకుపోయాయి గదా, దానికేమో అనుకున్నాను. సద్దుల బతుకమ్మనాడు వాడకట్టంతా పువ్వులెత్తుకుని కదిలితే ఆమె ఒళ్ళు వేడిగా ఉందని గడప దాటలేదు. నేను అన్నీ చూశాను. బస్సులో ఒకడు టికెట్ కొనలేదని వాడి మెడ చూసి కనిపెట్టే నేను, మా ఇంట్లో ఏమీ కనిపెట్టలేకపోయాను.

ఐదోరోజు దవాఖానలో తూకం వేశారు. ఏడు కిలోల ఆరు వందలు.

తొమ్మిది మోషన్లు ఐదుకు తగ్గాయి గానీ తూకం పెరగలేదు సరిగదా, ఇంకా రెండు వందలు దిగింది. గోలీ తప్పలేదు, కిచిడీ తప్పలేదు. మరేం తప్పింది?

దేవిక మేడం ఈసారి నన్ను చూడలేదు. సువర్ణ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "దినానికి ఎన్నిసార్లు పాలు తాపుతున్నవమ్మా?"

సువర్ణ కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి. "తాపుతలేను మేడం. బంద్ చేసినం."

"ఎవరు చేయమన్నరు?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు, గోడ వైపు చూసి చెప్పింది. "మీరే అన్నరట. మామ చెప్పిండు పాలు బంద్ అని. అత్త వేపాకు రాయమంది. వాడు నోరు పెట్టి, చేదయి, నా మొఖం చూసి ఏడ్చేటోడు. రొమ్ములు గడ్డగట్టినయ్, జరమొచ్చింది. పాలు పిండి పారబోసిన మేడం. మొన్నటి సంది అవి కూడ సరిగ వస్తలేవు."

సిగ్గు అంటే ఏమిటో యాభై నాలుగేళ్ళ వయసులో ఆ రోజు తెలిసింది. కోడలి ముందు ఒక మాట అనడానికి సిగ్గుపడి, మనవడి నోటి దగ్గరి ముద్ద లాక్కున్నాను. పేరుకు తగ్గట్టు గాలిమాట చెప్పాను. అవును, నా పేరు గాలయ్య. ఇప్పటిదాకా చెప్పడానికి మనసొప్పలేదు.

"తప్పు నాది మేడం," అన్నాను.

"నాది కూడ. తల్లిని పిలిచి చెప్పాల్సింది నేను," అందామె. తిట్టి ఉంటే బాగుండేది. సువర్ణను తెర వెనక్కి తీసుకుపోయి పరీక్ష చేసి, చీము పట్టలేదని చెప్పి, జ్వరానికి మందు రాసింది. పిల్లవాడి మూత్రం పరీక్ష చేయించింది, అందులో ఏ దోషమూ లేదు. "పిల్లగాడు ఎంత చీకితే పాలు అంత వస్తయ్. మళ్ళ వస్తయ్, భయపడకు. మూడు దినాలు టైమిస్తున్న. తూకం పెరిగితే ఇంటికాడనే. పెరగకుంటే సంగారెడ్డి పెద్ద దవాఖానల అడ్మిట్ చేయాలె. వీనికి ఇంకా తగ్గే బలం లేదు."

సంగారెడ్డి! బస్సుల్లేవు. ఉన్నా, ఈ పసిగుడ్డును ఎవరి ఒళ్ళో పెట్టి పంపను? దారి పొడుగునా వాణ్ణి నేనే ఎత్తుకున్నాను. వాడు నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. వాడు ఐదురోజులుగా వెతుకుతున్నదేమిటో అప్పుడు అర్థమైంది. రాందాస్ చౌరస్తా దగ్గర మావాళ్ళు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి నినాదాలిస్తున్నారు. దావీదు నన్ను చూసి మైకు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపి నడిచాను.

ఇంటి వాకిట్లో మళ్ళీ అదే కూటమి. పద్మమ్మ, ఆ నలుగురు ఆడవాళ్ళు. నేను ఆగాను. పిల్లవాణ్ణి ఇంకో భుజానికి మార్చుకున్నాను. అయినా, అబద్ధం అరిచి చెప్పినవాడు నిజాన్ని గొణిగితే ఎలా?

"ఇనుండ్రి," అన్నాను. "మొన్న నేను తప్పు చెప్పిన. బంద్ అన్నది సీసపాలు. తల్లిపాలు కాదు. తల్లిపాలు ఎంత తాపితే అంత మంచిదని మేడం ఆ దినమే చెప్పింది. చెప్పెతందుకు నేనే సిగ్గువడ్డ. సువర్ణా, బిడ్డా, లోపలికి పోయి పిల్లగానికి పాలియ్యి. ఎవ్వలు అడ్డం రారు."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పద్మమ్మ మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "తల్లివైతే ఏంది, బర్రెవైతే ఏంది, పాలు పాలే గదా? గా చక్కెర దీంట్ల లేదా?"

మా ఆవిడ పిచ్చిది కాదు. అదే మాట నేనూ దారిలో ఆలోచించి, వెనక్కి పోయి మేడంని అడిగి వచ్చాను. ఈసారి పొల్లుపోకుండా చెప్పాను. "ఉంటదట. కాని ఇవి కొంచెం కొంచెంగ పోతయట, పేగును మాన్పే గుణం కూడ వీట్లనే ఉందట. రోడ్డు వేసేటోన్ని వద్దంటే గుంతలు పూడుతయా?"

పద్మమ్మ కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. వేడినీళ్ళు, గుడ్డ పట్టుకుని తనే లోపలికి పోయి కోడలి ఒంటి మీది వేపాకు చేదు కడిగింది. "నా కడుపు కాల, నీ పాలు పారబోయించిన్నే బిడ్డా," అని ఏడవడం నాకు బయటికి వినిపించింది. సువర్ణ అత్తను ఓదారుస్తోంది. ఎవరు ఎవర్ని ఓదార్చాలి చెప్పండి!

అఖిల్ మొదట నమ్మలేదట, పద్మమ్మ తర్వాత చెప్పింది. నోరు పెట్టడం, భయపడి తీసేయడం. సువర్ణ విసుక్కోలేదు. గంటసేపు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి లోపల ఏడుపు ఆగి, గుటక శబ్దం వినిపించింది. నేను గుమ్మం బయట అరుగు మీద కూర్చుని ఆ గుటకలు లెక్కపెట్టాను. ఇరవై దాకా లెక్కపెట్టి, ముఖం తువ్వాలుతో తుడుచుకున్నాను. ఇంత మంచి చప్పుడు నేను ఏ బస్సులోనూ వినలేదు.

ఆ మూడురోజులూ ఇంట్లో డ్యూటీలు మారాయి. కిచిడీ, పెరుగన్నం పద్మమ్మవి. దగ్గు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. గోలీ, నీళ్ళు నావి. సువర్ణకు ఒక్కటే పని, తినడం, వాడికి పాలివ్వడం. నేను ఇంట్లోకి వచ్చే ముందు దగ్గడం మానలేదు. కానీ ఇప్పుడు దగ్గి, "తాగుతుండా?" అని అడిగేవాణ్ణి. లోపలి నుంచి "ఊఁ" అని వినిపించేది. మొదటిరోజు ఆ "ఊఁ" వినీ వినబడనట్టు ఉంది. మూడోరోజుకు "తాగుతుండు మామా, ఇడుస్తలేడు" అనేదాకా వచ్చింది.

మూడోరోజు తూకం ఏడు కిలోల ఏడు వందల యాభై. మోషన్లు మూడు, కాస్త గట్టిపడ్డాయి. మేడం కార్డు మీద రాసి, సంగారెడ్డి అక్కర్లేదంది. నేను దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. సువర్ణ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

పద్నాలుగో గోలీ నాటికి వాడి గుడ్డలు దండెం మీద రెండే. ఆ పొద్దున "టికెట్ టికెట్" అంటే వాడు చెంచా నా చేతిలోంచి లాక్కుని నేల మీద కొట్టాడు. బలం వచ్చిందన్నమాట. అదృష్టం, మందు అప్పటికే మింగాడు. మళ్ళీ దవాఖానకు పోయాం. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. తూకం ఎనిమిది కిలోల రెండు వందలు.

"ఇగ బర్రెపాలు ఎప్పుడు మొదలుపెట్టాలె, ఏం తినిపించాలె చెప్త. పోయిన తూకం మొత్తం రావాల్నంటే ఇంకో నెల దినాలు పూట ఎక్కువ పెట్టాలె," అంటూ మేడం చిట్టీ రాసి, ఎప్పటిలాగే మా ఇద్దరి వైపు చాపింది.

సువర్ణ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. నేను ముందే అందుకున్నాను.

"నువ్వు కూసో బిడ్డా. మేడం చెప్పేది నువ్విను."

మందుల కిటికీ దగ్గర ఆరోజు మగవాళ్ళ లైను వరండా చివరి దాకా ఉంది. అందరికంటే వెనక నిలబడ్డాను. గది తలుపు తెరిచే ఉంది. మాటలు సరిగా వినపడటం లేదు గానీ, మేడం గొంతు ఒకసారి వినిపిస్తే సువర్ణ గొంతు మూడుసార్లు వినిపిస్తోంది. ఏదో అడుగుతోంది, మళ్ళీ అడుగుతోంది. లైను కదిలింది. ముందువాడు తిరిగి చూసి, "జర ముందుకు జరుగు పెద్దాయనా," అన్నాడు. తొందరేం లేదన్నాను.